లేజర్‌కు అందని సైట్: కంటిలోపల అమర్చే ఐసీఎల్ లెన్స్ ఎవరికి, ఎందుకు

కంటిగుడ్డు ఉండాల్సిన దానికన్నా పొడవుగా పెరిగితే, లోపలికి వచ్చిన వెలుగు రెటీనా మీద కాకుండా దానికి కాస్త ముందే ఒకచోట చేరుతుంది. దగ్గరివి కనిపిస్తాయి, దూరానివి మసకబారతాయి. ఇదే హ్రస్వదృష్టి, వాడుకలో మైనస్ సైట్. పెద్దవారి కంటిగుడ్డు ముందు నుంచి వెనక వరకు సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెరిగినా రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల మైనస్ పవర్ వస్తుంది. సైట్ మైనస్ 6 దాటితే వైద్యులు దాన్ని హై మయోపియా అంటారు. మైనస్ 12, 14, అంతకన్నా ఎక్కువ ఉన్నవాళ్లూ తక్కువేమీ కాదు. మైనస్ 14 ఉన్న కన్ను అద్దాలు లేకుండా స్పష్టంగా చూడగలిగేది ఏడు సెంటీమీటర్ల దూరం వరకే. ఫోన్‌ను ముక్కు దగ్గరకు తెచ్చుకుంటే తప్ప అందులోని అక్షరాలు కనపడవు.

ఇంత సైట్‌కు కళ్లజోడు పెట్టుకున్నా ఇబ్బంది పూర్తిగా తీరదు. ఎక్కువ మైనస్ ఉన్న అద్దం వస్తువులను చిన్నవిగా చూపిస్తుంది, పక్కచూపులో గీతలను వంచేస్తుంది. కాంటాక్ట్ లెన్స్ చాలామందికి మేలుగానే ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి రోజంతా వాడితే కళ్లు పొడిబారి, ఇన్ఫెక్షన్లు వచ్చి, చివరకు లెన్స్ పడకుండా పోయినవారూ ఉంటారు. అందుకే హై మయోపియా ఉన్నవారి చూపు ఆపరేషన్ వైపు మళ్లుతుంది. అక్కడ ఉన్నవి ప్రధానంగా రెండు దారులు. మొదటిది కంటికి ముందున్న పారదర్శకమైన పొర కార్నియాను లేజర్‌తో చెక్కి దాని వంపు తగ్గించడం. రెండోది కార్నియాను అలాగే ఉంచి, కంటిలోపల ఒక మెత్తని లెన్స్‌ను అదనంగా అమర్చడం. ఈ రెండో పద్ధతిలో ఎక్కువగా వాడేది ఇంప్లాంటబుల్ కాలమర్ లెన్స్, పొట్టిగా ఐసీఎల్.

కార్నియా లెక్క

ఎక్కువ సైట్‌కు లేజర్ ఎందుకు పనికిరాదో తెలియాలంటే ఒక చిన్న లెక్క చూడాలి. లేజర్ మైనస్ పవర్‌ను తీసేయడమంటే కార్నియా మధ్యభాగం నుంచి కొంత కణజాలాన్ని తొలగించడమే. ఎంత మందం పోతుందో అంచనా వేయడానికి ఒక సూత్రం ఉంది. చికిత్స చేసే వలయం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని 3తో భాగించాలి. ఒక్కో డయాప్టరుకు అన్ని మైక్రాన్లు పోతాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మామూలుగా వాడే 6 మిల్లీమీటర్ల వలయానికి ఇది డయాప్టరుకు 12 మైక్రాన్లు. చాలా లేజర్ యంత్రాలు వాస్తవంలో దీనికన్నా కాస్త ఎక్కువే తీస్తాయి.

ఉదాహరణకు 26 ఏళ్ల యువతి కళ్లజోడు పవర్ మైనస్ 14, కార్నియా మందం 510 మైక్రాన్లు అనుకుందాం. అద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి, అదే పవర్‌ను కార్నియా మీదికి లెక్కగడితే మైనస్ 12 అవుతుంది. పన్నెండు డయాప్టర్లకు పన్నెండేసి మైక్రాన్ల చొప్పున 144 మైక్రాన్లు చెక్కాలి. లేసిక్ పద్ధతిలో అంతకుముందే కార్నియా పైపొరను మూతలా కోసి పక్కకు తెరుస్తారు. దాన్ని ఫ్లాప్ అంటారు, మందం సుమారు 110 మైక్రాన్లు. తర్వాత దాన్ని తిరిగి మూసినా, అది కార్నియాకు మునుపటి బలాన్ని ఇవ్వదు. 510లోంచి ఈ రెండూ తీసేస్తే కింద మిగిలేది 256 మైక్రాన్లు.

కనీసం 250 మిగలాలన్నది పాత నియమం. ఆ నియమం ప్రకారం చూస్తే ఈ కన్ను అంచు మీద గట్టెక్కినట్టే కనిపిస్తుంది. కానీ అసలు కార్నియాలో కోతకు, చెక్కడానికి పోయింది 254 మైక్రాన్లు, అంటే సగం. ఈ వాటా 40 శాతానికి చేరితేనే ప్రమాదం పెరుగుతుందని నేడు సర్జన్లు భావిస్తారు. పైగా 300 మైక్రాన్లయినా మిగలాలని కోరుకునే సర్జన్లు ఎక్కువ. బలం తగ్గిన కార్నియా లోపలి ఒత్తిడికి ఆగలేక నెలలకో ఏళ్లకో ముందుకు ఉబుకుతుంది. దాన్ని ఎక్టేసియా అంటారు. చూపు వంకరపోయి, కళ్లజోడుతో కూడా సరిదిద్దలేని స్థితి వస్తుంది. కొలాజెన్ క్రాస్‌లింకింగ్ అనే చికిత్స ఆ ఉబ్బు పెరగకుండా ఆపగలదు కానీ, పోయిన ఆకారాన్ని పూర్తిగా తిరిగి తేలేదు.

వలయాన్ని 5 మిల్లీమీటర్లకు కుదిస్తే డయాప్టరుకు ఎనిమిది చిల్లర మైక్రాన్లే పోతాయి, లెక్క కుదిరినట్టే ఉంటుంది. కానీ చీకటిలో ఈ వయసువారి కంటిపాప 6, 7 మిల్లీమీటర్ల దాకా విప్పారుతుంది. చెక్కిన భాగం బయటి నుంచి వచ్చే వెలుగు కూడా లోపలికి చేరి, రాత్రిపూట ఎదురొచ్చే వాహనాల దీపాల చుట్టూ వలయాలు, చీలికలు కనపడతాయి. ఇంకో చిక్కూ ఉంది. ఇంత పవర్‌ను తీసేస్తే కార్నియా మరీ చదునైపోయి, చార్టులో అక్షరాలు చదవగలిగినా తక్కువ వెలుగులో చూపు నాణ్యత తగ్గుతుంది. ఫ్లాప్ కోయని స్మైల్ పద్ధతిలోనూ కణజాలం పోక తప్పదు. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతించిన పరిమితి మైనస్ 10. కాబట్టి ఉదాహరణలోని కంటికి లేజర్ వద్దని చెప్పడం అతిజాగ్రత్త ఏమీ కాదు.

పాప వెనక లెన్స్

ఐసీఎల్ ఈ లెక్కను పక్కన పెట్టేస్తుంది. కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరను ఐరిస్ అంటారు. దాని వెనక పుట్టుకతో వచ్చిన సహజ కటకం ఉంటుంది. ఈ రెంటి మధ్య ఉన్న సన్నని జాగాలో ఐసీఎల్‌ను కూర్చోబెడతారు. సహజ కటకాన్ని తీయరు. కాటరాక్ట్ ఆపరేషన్‌కూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. సహజ కటకం అలాగే ఉంటుంది కాబట్టి దగ్గరివి చూడటానికి ఫోకస్ మార్చుకునే శక్తి కూడా ఉంటుంది.

ఐరిస్ వెనక ఇలా అదనపు లెన్స్ అమర్చే ఆలోచనను 1986లో రష్యా నేత్ర వైద్యుడు స్వ్యతోస్లావ్ ఫ్యోదొరోవ్ సిలికాన్ లెన్స్‌తో ఆచరణలో పెట్టాడు. ఆ తొలి లెన్స్‌లతో శుక్లాలు ఎక్కువగా వచ్చాయి. స్విట్జర్లాండ్, అమెరికాల్లో పనిచేసే స్టార్ సర్జికల్ సంస్థ వేరే పదార్థాన్ని తయారు చేసింది. నీటిని పీల్చుకునే మెత్తని ప్లాస్టిక్‌లో పంది నుంచి తీసిన కొలాజెన్‌ను కొద్ది మోతాదులో కలిపిన ఆ పదార్థమే కాలమర్. మడిచినా చిరగదు, కంటిలోపల దాన్ని శరీరం పరాయి వస్తువుగా పెద్దగా గుర్తించదు. కొలాజెన్ ఎక్కడినుంచి వస్తుందన్నది కొందరికి మతపరంగా ముఖ్యం కాబట్టి ఆ విషయం ముందే తెలియడం మంచిది. ఈ లెన్స్‌కు ఎఫ్‌డీఏ 2005 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. మైనస్ 3 నుంచి 15 వరకు సైట్‌ను సరిదిద్దడానికి, 15 నుంచి 20 వరకు ఉంటే తగ్గించడానికి అన్నది ఆ అనుమతి సారాంశం. అంటే మైనస్ 18 ఉన్నవారికి ఆపరేషన్ తర్వాత కూడా పల్చని అద్దాలు అవసరం కావచ్చు.

మన దేశంలో ఇదే చోట అమర్చే లెన్స్‌లు కొన్ని దేశీయంగానూ తయారవుతున్నాయి. వాటిలో ఐపీసీఎల్ పేరు బాగా వినిపిస్తుంది. అవి హైడ్రోఫిలిక్ అక్రిలిక్‌తో చేసినవి, కాలమర్‌తో కాదు. ధర తక్కువ. పనితీరు సూత్రం ఒకటే అయినా, కాలమర్ లెన్స్ మీద వచ్చిన ఏళ్ల నాటి ఫలితాలను వాటికి అలాగే అన్వయించకూడదు. తన కంట్లో పెట్టబోయేది ఏ లెన్స్ అన్నది పేరుతో సహా తెలుసుకోవడం రోగి హక్కు.

పావు మిల్లీమీటరు కథ

ఐసీఎల్‌లో మంచిచెడులన్నీ దాదాపుగా ఒక్క ఖాళీ మీదే ఆధారపడి ఉంటాయి. అమర్చిన లెన్స్ వెనక భాగానికీ, సహజ కటకం ముందు భాగానికీ మధ్య ఉండే ఆ ఖాళీని వాల్ట్ అంటారు. అది 250 నుంచి 750 మైక్రాన్ల మధ్య ఉంటే మేలని సాధారణంగా భావిస్తారు. అంటే పావు మిల్లీమీటరుకూ ముప్పావు మిల్లీమీటరుకూ మధ్య.

లెన్స్ నాలుగు మూలలూ ఐరిస్ వెనక, కంటి గోడను ఆనుకుని ఉన్న సన్నని గాడిలో నిలుస్తాయి. ఆ గాడి వ్యాసం కన్నా లెన్స్ పొడవు ఎక్కువైతే అది ముందుకు వంగి విల్లులా లేస్తుంది. వాల్ట్ పెరిగి, ఐరిస్‌ను ముందుకు తోస్తుంది. కంటిలోని నీరు బయటికి పోయే కోణం ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. లెన్స్ పొట్టిదైతే చదునుగా పడుకుని సహజ కటకానికి మరీ దగ్గరగా వస్తుంది. మధ్యలో నీటి ప్రవాహం తగ్గి, కటకం ముందు పొరలో మచ్చలు మొదలై శుక్లం అవుతుంది. ఐసీఎల్ 12.1, 12.6, 13.2, 13.7 మిల్లీమీటర్ల పొడవుల్లో మాత్రమే దొరుకుతుంది. ఆ నాలుగింటిలో సరైనదాన్ని ఎంచుకోవడంలోనే సర్జన్ నేర్పు సగం ఉంది.

చిక్కేమిటంటే ఆ గాడి ఐరిస్ వెనక దాగి ఉండి బయటికి కనపడదు. అందుకే చాలాకాలంగా కార్నియా అడ్డు వెడల్పును కొలిచి, దాన్నిబట్టి గాడి వెడల్పును అంచనా వేస్తున్నారు. ఈ రెండూ అందరిలోనూ ఒకేలా కలవవు. అల్ట్రాసౌండ్ బయోమైక్రోస్కోపీ, అంటే యూబీఎం, గాడిని నేరుగా చూపిస్తుంది. కంటి ముందు భాగం ఓసీటీ స్కాన్‌తోనూ అంచనా మెరుగవుతుంది. రెండు మూడు రకాల కొలతలు తీసి పోల్చి చూసే కేంద్రాన్ని ఎంచుకోవడం, ఒకే కొలతతో సరిపెట్టే కేంద్రం కన్నా తప్పకుండా మంచిది.

ఈ లెన్స్ చరిత్రలో పెద్ద మలుపు ఒక రంధ్రం. కంటిలోని నీరు ఐరిస్ వెనక పుట్టి, పాప గుండా ముందుకు వచ్చి, కోణం దగ్గర బయటికి పోతుంది. ఐసీఎల్ ఆ దారికి అడ్డు నిలుస్తుంది. కాబట్టి తొలి నమూనాల్లో ఆపరేషన్‌కు ముందే లేజర్‌తో ఐరిస్ అంచున చిన్న రంధ్రాలు చేయాల్సి వచ్చేది. 2011లో లెన్స్ నడిమధ్యలోనే 0.36 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నమూనా ఐరోపాలో వచ్చింది. అమెరికాలో ఈవో పేరుతో దానికి అనుమతి 2022 మార్చిలో దక్కింది. నీరు ఆ రంధ్రం గుండా సహజ కటకం ముందు నుంచే ప్రవహిస్తుంది కాబట్టి ఐరిస్‌కు రంధ్రాలు అక్కర్లేకపోయింది, శుక్లాల బెడదా బాగా తగ్గింది. రంధ్రం లేని పాత నమూనా మీద జరిగిన ఎఫ్‌డీఏ పరిశీలనలో ఏడేళ్లు దాటేసరికి 6 నుంచి 7 శాతం కళ్లలో కటకం మీద మచ్చలు వస్తాయని లెక్క తేలింది. చూపును దెబ్బతీసే శుక్లంగా మారినవి 1 నుంచి 2 శాతం. ఇంటర్నెట్‌లో తిరిగే భయపెట్టే అంకెలు చాలావరకు ఆ పాత లెన్స్‌వే.

ఎవరికి సరిపోతుంది

21 నుంచి 45 ఏళ్ల మధ్య వయసు, ఏడాదిగా అర డయాప్టరుకు మించి మారని సైట్ అన్నవి మొదటి షరతులు. ఇంకా పెరుగుతున్న సైట్‌కు లెన్స్ పెడితే రెండేళ్లకు మళ్లీ అద్దాలు వస్తాయి. పద్దెనిమిదేళ్ల పిల్లను పెళ్లి కోసమో కాలేజీ కోసమో తొందరపెట్టడం తగదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి, ఆ సమయంలో పవర్ కొలత నిలకడగా ఉండదు.

తర్వాతి షరతు జాగా. కార్నియా లోపలి అంచు నుంచి సహజ కటకం వరకు ఉన్న లోతు కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలన్నది ఎఫ్‌డీఏ నియమం. కొన్ని దేశాల్లో 2.8 వరకు ఒప్పుకుంటారు. హై మయోపియా కళ్లు పెద్దవి కాబట్టి చాలామందికి ఈ లోతు ఉంటుంది, కానీ అందరికీ కాదు. కార్నియా లోపలి గోడకు ఎండోథీలియల్ కణాలు అనే ఒక వరస ఉంటుంది. కార్నియా నీరుపట్టకుండా తేటగా ఉంచేవి అవే. అవి పోతే తిరిగి పుట్టవు. లెన్స్‌కు జాగా చాలని కంట్లో ఈ కణాలు త్వరగా తరుగుతాయి కాబట్టి, వయసుకు తగినన్ని కణాలు ఉన్నాయో లేదో స్పెక్యులర్ మైక్రోస్కోప్‌తో లెక్కిస్తారు. గ్లకోమా, కంటిలోపల పదేపదే వచ్చే వాపు, ఇప్పటికే మొదలైన శుక్లం, ఇరుకైన కోణం ఉన్నవారికి ఐసీఎల్ పెట్టరు.

కార్నియా సన్నగా ఉన్నా, దాని ఆకారం మీద అనుమానం ఉన్నా లేజర్ కుదరదు. అలాంటివారిలో కొందరికి ఐసీఎల్ కుదురుతుంది. కళ్లు బాగా నలుపుకునే అలవాటున్నవారిలో కార్నియా శంకువులా ఉబికే కెరటోకోనస్ కనిపిస్తుంటుంది. అది ఆగి, నిలకడగా ఉన్నప్పుడు లెన్స్ గురించి ఆలోచించవచ్చు. కాకపోతే వంకర కార్నియా వల్ల వచ్చే మసకను లెన్స్ పూర్తిగా పోగొట్టదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది రెటీనా పరీక్ష. సాగిన కంటిగుడ్డులో రెటీనా కూడా సాగి పల్చబడుతుంది. అంచుల్లో లాటిస్ అనే సన్నబడిన చోట్లు, చిన్న రంధ్రాలు ఏర్పడతాయి. పాప విప్పారే చుక్కలు వేసి, అంచుల వరకు చూస్తే గానీ అవి బయటపడవు. ఉదాహరణలోని యువతికి కుడికంటి రెటీనా అంచున ఒక రంధ్రం కనిపించిందనుకుందాం. ముందు దాని చుట్టూ బ్యారేజ్ లేజర్‌తో కట్ట వేసి, మచ్చ గట్టిపడటానికి కొన్ని వారాలు ఆగి, ఆ తర్వాతే ఐసీఎల్ గురించి ఆలోచించాలి. ఆమె కంటి లోతు 3.2 మిల్లీమీటర్లు, కణాల లెక్క చదరపు మిల్లీమీటరుకు 2,800, ఒత్తిడి మామూలు అయితే ఆమె ఐసీఎల్‌కు తగిన మనిషే. కొలతలకు ముందు మెత్తని కాంటాక్ట్ లెన్స్‌ను ఒకటి రెండు వారాలు, గట్టి లెన్స్‌నైతే మూడు నాలుగు వారాలు మానేయాలి. లేకపోతే కార్నియా వంపు తప్పుగా నమోదవుతుంది.

ఆపరేషన్, ఆ తర్వాతి గంటలు

పవర్, పొడవు ఖరారయ్యాక లెన్స్‌ను తెప్పిస్తారు. సిలిండర్ పవర్ కూడా ఉన్నవారికి టోరిక్ లెన్స్ కావాలి, దానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఆపరేషన్ రోజున పాప విప్పారే చుక్కలు, తిమ్మిరి చుక్కలు వేస్తారు. కార్నియా అంచున సుమారు 3 మిల్లీమీటర్ల కోత పెట్టి, లోపలి భాగాలకు దెబ్బ తగలకుండా జిగురులాంటి ద్రవం నింపుతారు. చుట్టిన లెన్స్‌ను ఇంజెక్టర్‌తో లోపలికి వదిలితే మెల్లగా విచ్చుకుంటుంది. నాలుగు మూలలను ఒక్కొక్కటిగా ఐరిస్ వెనకకు దోపుతారు. చివరగా జిగురు ద్రవాన్ని కడిగేస్తారు. కుట్లు సాధారణంగా అవసరం ఉండవు. కంటికి పదిహేను, ఇరవై నిమిషాల పని. ఒక కన్ను అయ్యాక కొన్ని రోజులు ఆగి రెండోది చేసేవారు ఉన్నారు, ఒకే రోజు రెండూ చేసేవారూ ఉన్నారు. కంటిలోపలి ఆపరేషన్ కాబట్టి, ఇన్ఫెక్షన్ భయంతో విడివిడిగా చేయించుకోవాలనుకోవడం న్యాయమైన కోరికే.

చూపు మరునాటికే బాగుపడుతుంది. అందుకే తర్వాతి పరీక్షలకు రావడం చాలామంది మానేస్తారు. నిజానికి మొదటి గంటలే కీలకం. జిగురు ద్రవం కొంచెం మిగిలిపోయినా కంటి ఒత్తిడి పెరుగుతుంది. ఆ సాయంత్రం కన్ను, కనుబొమ పై భాగం తీవ్రంగా నొప్పి పుట్టడం, వాంతి రావడం, దీపాల చుట్టూ రంగుల వలయాలతో చూపు మసకబారడం దాని గుర్తులు. మాత్ర వేసుకుని పడుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ ఒత్తిడిని కొలిచి, అవసరమైతే కోత దగ్గర నుంచి కొద్దిగా ద్రవాన్ని తీసేస్తారు. రెండు మూడు వారాల తర్వాత ఒత్తిడి పెరిగితే కారణం స్టీరాయిడ్ చుక్కలు కావచ్చు. అవి కొందరికి పడవు, పైకి ఏ బాధా తెలియదు, కొలిస్తేనే బయటపడుతుంది.

తొలి వారంలో నొప్పి తగ్గే బదులు పెరుగుతూ, కన్ను ఎర్రబడి, చూపు పడిపోతుంటే కంటిలోపల ఇన్ఫెక్షన్‌గా అనుమానించాలి. ఇది చాలా అరుదు, ప్రచురితమైన ఒక అంచనా సుమారు 6,000 కళ్లలో ఒకటి. కానీ వచ్చినప్పుడు గంటల్లో చికిత్స అందకపోతే చూపే పోవచ్చు. కార్నియా పైభాగంలోనే పని ముగిసే లేజర్‌లో ఇలాంటి లోపలి ఇన్ఫెక్షన్ దాదాపు ఉండదు. ఐసీఎల్‌కు ఒప్పుకునే ముందు తూచుకోవాల్సిన అసలు తేడాల్లో ఇది ఒకటి. టోరిక్ లెన్స్ కంటిలో తిరిగిపోతే సిలిండర్ సరిగా సరిపడదు. పది డిగ్రీలు తిరిగితే మూడో వంతు ప్రయోజనం పోతుంది. అప్పుడు మళ్లీ థియేటర్‌లో సరిచేయాలి. మధ్య రంధ్రం వల్ల రాత్రి దీపాల చుట్టూ పల్చని వలయం కనిపించడం మొదట్లో మామూలు, ఎక్కువమందికి నెలల్లో అలవాటై కనుమరుగవుతుంది.

ఉదాహరణలోని యువతికి మొదటి నెలలో తీసిన స్కాన్‌లో వాల్ట్ 450 మైక్రాన్లు వచ్చిందనుకుంటే అది నిశ్చింతగా ఉండదగిన అంకె. అయినా అది అలాగే ఉండిపోదు. వయసుతో సహజ కటకం మందం పెరుగుతూ పోతుంది కాబట్టి వాల్ట్ ఏటా కొద్దికొద్దిగా తగ్గుతుంది. అందుకే ఏడాదికోసారి వాల్ట్, ఒత్తిడి, కణాల లెక్క చూడాలి. ఏదైనా తేడా వస్తే లెన్స్‌ను తీసి వేరే పొడవుది పెట్టవచ్చు, లేదా పూర్తిగా తీసేయవచ్చు. లేజర్‌తో చెక్కేసిన కార్నియాను మాత్రం తిరిగి పెట్టలేరు.

రెంటిలో ఏది

మైనస్ 6 నుంచి 20 వరకు సైట్ ఉన్నవారిలో లేజర్‌ను, ఇలాంటి లోపలి లెన్స్‌లను పోల్చిన మూడు యాదృచ్ఛిక పరిశోధనలను కోక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చి చూసింది. వాటిలో 132 మందికి చెందిన 228 కళ్లు ఉన్నాయి. అద్దాలు లేకుండా చూడగలగడంలో ఏడాది తర్వాత పెద్ద తేడా కనపడలేదు. కానీ మంచి అద్దాలతో కూడా మునుపు ఉన్న చూపును కోల్పోయినవారు లెన్స్ వర్గంలో తక్కువ. మసక వెలుగులో తేడాలను గుర్తించే శక్తి, రోగుల సంతృప్తి లెన్స్ వైపే మొగ్గాయి. అందులో ఐసీఎల్ కాని ఇతర లెన్స్‌లూ ఉన్నాయి, కాలం ఏడాదే. కాబట్టి దాన్ని చివరి మాటగా తీసుకోకూడదు.

మైనస్ 4 సైట్, మందమైన మంచి కార్నియా ఉన్నవారికి లేజర్ సరిపోతుంది. కన్ను తెరిచి లోపలికి వెళ్లే ప్రమాదం ఎందుకు? పైగా లేజర్‌కు ఖర్చు బాగా తక్కువ. కళ్లు పొడిబారడం కొన్ని నెలలు ఉంటుంది, కొందరికి అంతకన్నా ఎక్కువ. మైనస్ 12, 14 దగ్గర లేజర్ గురించి చర్చే అక్కర్లేదు. మైనస్ 7 నుంచి 10 మధ్య ఉన్నవారికే నిజమైన ఎంపిక. అక్కడ కార్నియా మందం, ఆకారం, పాప వెడల్పు, కళ్ల పొడిదనం, కంటిలోపలి జాగా అన్నీ చూసి తేల్చాలి. ఒక ఆసుపత్రిలో లేజర్ యంత్రం మాత్రమే ఉంటే అక్కడి సలహాను ఇంకోచోట సరిచూసుకోవడం తప్పు కాదు.

కొందరు మూడో దారిగా సహజ కటకాన్నే తీసేసి కృత్రిమ కటకం పెట్టమని అడుగుతారు. శుక్లం మొదలైన నడివయసువారికి అది సబబే. పాతికేళ్ల హై మయోపియా కంటికి మాత్రం అది దగ్గరి చూపును తీసేయడమే కాక, రెటీనా ఊడే ప్రమాదాన్నీ పెంచుతుంది. ఐసీఎల్ పెట్టించుకున్నవారికి నలభై దాటాక అందరిలాగే చదవడానికి అద్దాలు వస్తాయి. ఎప్పుడో శుక్లం వస్తే ఐసీఎల్‌ను తీసి మామూలు కాటరాక్ట్ ఆపరేషన్ చేస్తారు. కార్నియా చెక్కుచెదరలేదు కాబట్టి అప్పటి లెన్స్ పవర్ లెక్క సులువు. లేజర్ చేయించుకున్నవారిలో ఆ లెక్క తప్పే అవకాశం ఎక్కువ, సన్నబడిన కార్నియా వల్ల కంటి ఒత్తిడి కూడా ఉన్నదానికన్నా తక్కువగా నమోదవుతుంది. ఏ పద్ధతి అయినా ఆపరేషన్ ముందటి కొలతల కాగితాలను, లెన్స్ కార్డును జీవితాంతం దాచుకోవాలి.

ఖర్చు విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. మన దేశంలోని ఆరోగ్య బీమా పాలసీల్లో ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపు 7.5 డయాప్టర్ల కన్నా తక్కువ సైట్ సవరణకే వర్తిస్తుంది. అంతకు మించి సైట్ ఉన్నవారు ఆపరేషన్‌కు ముందే బీమా సంస్థను లిఖితపూర్వకంగా అడగాలి. వెయిటింగ్ పీరియడ్ ఎంత, లెన్స్ ధరపై పరిమితి ఉందా అన్నవీ అందులోనే తేల్చుకోవాలి.

ఐసీఎల్ అద్దాలను తీసేస్తుంది, హై మయోపియాను కాదు. కంటిగుడ్డు పొడవు ఆపరేషన్ ముందు ఎంతో తర్వాతా అంతే. రెటీనా పల్చదనం, గ్లకోమా ముప్పు, మాక్యులా దగ్గర కొత్త రక్తనాళాలు పుట్టే ప్రమాదం అలాగే ఉంటాయి. ఉదాహరణలోని యువతి అద్దాలు లేకుండా బండి నడపగలదు కానీ, ఏటా రెటీనా పరీక్ష ఆమెకు తప్పదు. కంటిలో ఉన్నట్టుండి మెరుపులు మెరిసినా, నల్లని చుక్కలు జల్లు పడినట్టు వచ్చినా, పక్క నుంచి తెర దిగినట్టు అనిపించినా అది రెటీనా ఊడుతున్న సూచన కావచ్చు. సరళ రేఖలు వంకరగా కనిపిస్తే మాక్యులాకు దెబ్బ తగులుతున్నట్టు. వీటిలో ఏది కనిపించినా మరుసటి రోజుకు వాయిదా వేయకుండా, ఆ రోజే రెటీనా నిపుణుడి దగ్గరకు వెళ్లండి.